చిరిగిన నోటు బ్యాంకులో మార్చుకోవడం ఎలా? ఎంత ముక్క మిగిలితే ఎంత డబ్బు వస్తుంది?

చిరిగిన నోట్ల గురించి నన్ను అడిగేవాళ్లలో చాలామంది రెండే ప్రశ్నలు అడుగుతారు. "నంబర్ ఉంది కదండీ, పూర్తి డబ్బు ఇస్తారా?" అన్నది ఒకటి. "ముక్కలన్నీ జాగ్రత్తగా అతికించి తీసుకెళ్తే సరిపోతుందా?" అన్నది రెండోది. రెండింటికీ జవాబు ఒకే చోట ఉంది. బాగా దెబ్బతిన్న నోటుకు విలువ కట్టేది నంబర్‌ను బట్టి కాదు, అతికింపును బట్టీ కాదు. మిగిలినవాటిలో అన్నిటికంటే పెద్ద ఒంటి ముక్క ఎంత వైశాల్యం ఉందో చూసి కడతారు. క్యాష్ కౌంటర్ అవతల ఏళ్ల తరబడి కూర్చున్నవాడిగా చెబుతున్నాను, ఈ ఒక్క సంగతి తెలియకనే జనం చేజేతులా సగం డబ్బు పోగొట్టుకుంటారు.

బ్యాంకులు పాటించేది రిజర్వ్ బ్యాంక్ 2009లో చేసిన నోట్ రీఫండ్ రూల్స్. కొత్త సైజు నోట్లు వచ్చాక, 2018 సెప్టెంబరులో వాటిని సవరించారు. అంతకుముందు 65 శాతం మిగిలితే పూర్తి డబ్బు ఇచ్చేవారు. పాత జ్ఞాపకంతో "మూడింట రెండొంతులుంటే చాలు" అని చెప్పేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. ₹50, ఆపై నోట్లకు ఆ లెక్క ఇప్పుడు చెల్లదు.

## 1. ముందు మీ నోటు ఏ రకమో తేల్చుకోండి

బ్యాంకు భాషలో పాడైన నోట్లు మూడు రకాలు. మీ నోటు ఏ రకం కిందకు వస్తుందన్న దాన్ని బట్టే మిగతాదంతా నడుస్తుంది.

మాసిన నోటు (సాయిల్డ్). వాడి వాడి నలిగి, జిడ్డుపట్టి, మెత్తబడినది. రెండు ముక్కలైన నోటు కూడా ఇందులోకే వస్తుంది. కాకపోతే ఆ రెండు ముక్కలూ ఒకే నోటువి అయి ఉండాలి, రెండూ కలిస్తే పూర్తి నోటు కావాలి, ముఖ్యమైన గుర్తులేవీ పోకూడదు. దీనికి పూర్తి డబ్బు వస్తుంది, కొలతల గొడవ లేదు.

ఛిద్రమైన నోటు (మ్యుటిలేటెడ్). కొంత భాగం పోయినది, లేదా రెండు కంటే ఎక్కువ ముక్కలైనది. ఎలుక కొరికినది, చెదపట్టినది, పిల్లాడు నాలుగు ముక్కలు చేసినది అన్నీ ఇవే. కొలత పడేది వీటికే.

లోపమున్న నోటు (ఇంపర్‌ఫెక్ట్). ముక్క పోలేదు గానీ వాషింగ్ మెషీన్‌లో తిరిగి రంగు వెలిసింది, ముడుచుకుపోయింది, సిరా ఒలికి అక్షరాలు కనపడటం లేదు. అచ్చు పూర్తిగా చెరిగిపోకుండా, అది అసలు నోటేనని అధికారికి నమ్మకం కలిగితే డబ్బు ఇస్తారు.

పెన్నుతో రాతలున్న నోటు చెల్లదని వాట్సాప్‌లో తిరిగే మాట అబద్ధం. లెక్కలు రాసినా, పేర్లు రాసినా, రంగు అంటినా ఆ నోటు చెల్లుతుంది. రాజకీయ నినాదాలు, ప్రచారపు మాటలు రాసిన నోటు సంగతి మాత్రం వేరు. దానికి చెల్లుబాటు ఉండదు, మార్చమని తీసుకెళ్లినా తిరస్కరిస్తారు.

## 2. బ్యాంకుకు వెళ్లేముందు ఇంట్లో చేయాల్సిన పని

డబ్బు నష్టపోయేది ఎక్కువగా ఇక్కడే. నోటు చిరగగానే చేతులు ఊరుకోవు. సెల్లోటేపు వెతుకుతాం, అంచులు చక్కగా ఉండాలని కత్తెర పట్టుకుంటాం. రెండూ వద్దు.

కత్తెర ఎందుకు వద్దో చూడండి. ఎలుక కొరికిన అంచు ఎగుడుదిగుడుగా ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. దాన్ని మీరు నీటుగా కత్తిరిస్తే వైశాల్యం కొంత తగ్గుతుంది. అంతకంటే ముఖ్యం, ఆ తిన్నని అంచు చూసిన అధికారికి "కావాలని కోశారా?" అన్న అనుమానం వస్తుంది. ఉద్దేశపూర్వకంగా కోసిన నోటని తేలితే, ఎంత ముక్క మిగిలినా దరఖాస్తు తిరస్కరించవచ్చు. కోసింది మీరేనా కాదా అన్న దానితో నిమిత్తం లేదు.

టేపు సంగతి ఇంకాస్త సున్నితం. రెండు ముక్కలైన నోటును వెనకవైపు సన్నని పారదర్శక టేపుతో కలిపితే ఇబ్బంది లేదు. గోధుమరంగు ప్యాకింగ్ టేపు వేస్తే కింది అచ్చు, నంబర్ కనపడవు. ఇప్పటికే వేసేసి ఉంటే పీకకండి. పాతబడిన టేపు లేచేటప్పుడు పై పొర రంగును కూడా లాక్కుని లేస్తుంది, గాంధీగారి ముఖం సగం టేపుకే అంటుకుని వస్తుంది. అలాగే తీసుకెళ్లండి.

తడిసిన నోట్ల కట్టను వెంటనే విడదీయాలని చూడకండి. నీడలో, తెల్ల కాగితాల మధ్య పెట్టి, గాలికి ఆరనిచ్చి, చివరనుంచి ఒక్కొక్కటే లేపండి. ఇస్త్రీపెట్టె పెడితే కాగితం గోధుమరంగుకు తిరిగి పెళుసవుతుంది.

చెద తిన్న డబ్బాలోంచి నోట్లు తీసేటప్పుడు అడుగున రాలిన పొడిలో చిన్న ముక్కలు వెతకండి. అవి విలువను నేరుగా పెంచకపోవచ్చు గానీ, అధికారికి నోటు కథ అర్థమవుతుంది. ఒక్కో నోటు ముక్కల్ని ఒక్కో కవరులో వేసి పెట్టండి. రెండు నోట్ల ముక్కల్ని కలిపి అతికిస్తే, తెలియక చేసినా సరే, దాన్ని కూర్చిన నోటుగా చూస్తారు. అక్కడితో పేచీ మొదలు.

బయలుదేరేముందు ఇవి సరిచూసుకోండి:

- ఒక్కో నోటుకు ఒక్కో కవరు, అన్ని ముక్కలూ అందులోనే
- ముందువైపు, వెనకవైపు ఫోన్‌లో ఫొటో, నంబర్ కనపడేలా
- ఏ నోట్లు ఎన్ని, మొత్తం విలువ ఎంత అన్న చీటీ
- మీ బ్యాంకు ఖాతా నంబర్, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ (పాస్‌బుక్ మొదటి పేజీ చాలు)
- గుర్తింపు కార్డు ఒకటి
- స్టేపుల్ పిన్నులు, గుండుసూదులు ఏవీ లేవని ఒకసారి చూపు

ఫొటో ఎందుకంటే, తిరస్కరించిన నోటు మీకు వెనక్కి రాదు. చెల్లని నోట్లను బ్యాంకు ఉంచుకుని రిజర్వ్ బ్యాంకుకు పంపుతుంది, అక్కడ ధ్వంసం చేస్తారు. తర్వాత ఫిర్యాదు చేయాలంటే మీ చేతిలో మిగిలేది ఆ ఫొటో ఒక్కటే.

## 3. మీరే కొలుచుకోండి

బ్యాంకులో ఎంత వస్తుందో ఇంట్లోనే దాదాపు కచ్చితంగా తెలుసుకోవచ్చు. స్టేషనరీ షాపులో దొరికే గ్రాఫ్ కాగితం, మెత్తని పెన్సిల్ చాలు.

నోటు పెద్ద ముక్కను గ్రాఫ్ కాగితం మీద పరిచి, అంచు వెంబడి మెల్లగా గీత గీయండి. లోపల పడ్డ ఒక్కో సెంటీమీటరు గడిని లెక్కపెట్టండి. అంచున సగానికి మించి లోపలున్న గడిని ఒకటిగా, సగానికి తక్కువున్నదాన్ని సున్నాగా వేసుకోండి. మధ్యలో చెద తిన్న రంధ్రాలుంటే వాటి మేరకు తీసేయండి. వచ్చిన అంకే చదరపు సెంటీమీటర్లలో మీ ముక్క వైశాల్యం.

ఇప్పుడు రూల్‌కు వద్దాం. ఇది రెండు తరగతులుగా ఉంది.

₹20, అంతకంటే చిన్న నోట్లు. పెద్ద ముక్క, నోటులో సగానికి మించి ఉంటే పూర్తి డబ్బు. లేకపోతే ఏమీ రాదు. సగం డబ్బు అన్నది ఈ నోట్లకు లేదు.

₹50, ఆపై నోట్లు. పెద్ద ముక్క 80 శాతానికి మించితే పూర్తి డబ్బు. 40 నుంచి 80 శాతం దాకా ఉంటే సగం. 40 శాతానికి తగ్గితే సున్నా.

కొత్త సిరీస్ నోట్లకు కనీసం ఇంత ఉండాలి:

- ₹10: మొత్తం 77.5 చ.సెం.మీ. పూర్తి డబ్బుకు 39
- ₹20: మొత్తం 81.3. పూర్తి డబ్బుకు 41
- ₹50: మొత్తం 89.1. పూర్తికి 72, సగానికి 36
- ₹100 (లేత ఊదా రంగుది): మొత్తం 93.7. పూర్తికి 75, సగానికి 38
- ₹200: మొత్తం 96.4. పూర్తికి 78, సగానికి 39
- ₹500: మొత్తం 99. పూర్తికి 80, సగానికి 40

పాత ₹100 నోటు దీనికంటే పెద్దది. పొడవు 15.7, వెడల్పు 7.3 సెంటీమీటర్లు. ఏ నోటునైనా దాని సొంత సైజుతోనే పోలుస్తారు కాబట్టి పాత వంద నోటుకు పూర్తి డబ్బు రావాలంటే 92, సగానికి 46 చదరపు సెంటీమీటర్లు ఉండాలి. పాత నోటు ముక్కను కొత్త నోటు పక్కన పెట్టి "ఇంత ఉంది కదా" అనుకుంటే లెక్క తప్పుతుంది.

రెండు ముక్కల మినహాయింపు. ₹50, ఆపై నోటు రెండు ముక్కలై, మధ్యలో కొంత పోయిందనుకోండి. ఆ రెండు ముక్కలూ ఒకే నోటువి అయి, విడివిడిగా ఒక్కోటీ 40 శాతం లేదా అంతకు మించి ఉంటే పూర్తి డబ్బు వస్తుంది. పెద్ద ముక్క ఒక్కటే చూస్తే 80 శాతం లేదు కదా అని చాలామంది సగం డబ్బుతో సరిపెట్టుకుని వస్తారు. అలాంటి నోటు మీ దగ్గరుంటే కౌంటర్‌లోనే ఈ మాట గుర్తుచేయండి.

నంబర్ నిజంగా పనికొచ్చేది ఇక్కడే. కొత్త సిరీస్ నోటు మీద నంబర్ రెండు చోట్ల ఉంటుంది, ఎడమ పైన ఒకటి, కుడి కింద ఒకటి. నిలువుగా చిరిగితే ఒక్కో ముక్క మీద ఒక్కోటి మిగులుతుంది. రెండూ కలిస్తే ముక్కలు ఒకే నోటువని తేలిపోతుంది. అంతకుమించి "రెండు నంబర్లూ ఉంటేనే డబ్బు" అన్న షరతు విలువ లెక్కలో లేదు.

## 4. ఒక కేసు, నోటు నోటుకూ లెక్క

మా పిన్ని చెక్క బీరువాలో చీర మడతల మధ్య దాచిన డబ్బును ఎలుకలు పట్టాయి. ₹500 నోట్లు మూడు, ₹200 ఒకటి, ₹20 ఒకటి. మొత్తం ₹1,720. నేను వెళ్లేసరికి సెల్లోటేపు, కత్తెర ముందు పెట్టుకుని కూర్చుంది.

"ఆగు పిన్నీ, కత్తెర అవతల పెట్టు" అన్నాను.

"అంచులు ఇలా పీలికలు పీలికలుగా ఉంటే బ్యాంకువాళ్లు తీసుకుంటార్రా?"

"అలా ఉంటేనే తీసుకుంటారు."

గ్రాఫ్ కాగితం తెప్పించి ఒక్కోటీ కొలిచాం.

మొదటి ₹500కు ఒక మూల పోయింది. పోయినది సుమారు 5 సెంటీమీటర్లు పొడవు, మూడున్నర వెడల్పు, అంటే 17.5. మిగిలినది 81.5. కావాల్సిన 80 దాటింది కాబట్టి పూర్తి ₹500. పిన్ని కత్తెర పెట్టి ఆ అంచును తిన్నగా కోసి ఉంటే రెండు చదరపు సెంటీమీటర్లు ఇట్టే పోయేవి, ₹250 కూడా దాంతోపాటే పోయేవి.

రెండో ₹500ను పక్కనుంచి లోపలికి కొరికేశాయి. మిగిలిన ఒంటి ముక్క 72. సగం తరగతి, ₹250.

మూడో ₹500ను మధ్యలో నిలువునా తినేశాయి. ఎడమ ముక్క 44, కుడి ముక్క 43. పెద్ద ముక్క ఒక్కదాన్నే చూస్తే 44 శాతం, అంటే సగం డబ్బే. కానీ రెండు ముక్కలూ 40 దాటాయి, నంబర్లు కలిశాయి. మినహాయింపు వర్తించి పూర్తి ₹500.

ఇదే నోటు 57, 30 ముక్కలుగా మిగిలి ఉంటే? మొత్తం అదే 87. కానీ చిన్న ముక్క 40 అందుకోలేదు, పెద్ద ముక్క 80 దాటలేదు. ₹250 మాత్రమే వచ్చేది. మిగిలిన కాగితం ఒక్కటే అయినా, ఎక్కడ తెగిందన్న దాన్ని బట్టి విలువ మారిపోతుంది. అందుకే ఉన్న ముక్కను ఇంకా చిరగనివ్వకూడదు.

₹200 నోటులో దొరికినది 35. కనీసం 39 కావాలి. సున్నా. పిన్నికి ఇదే మింగుడుపడలేదు. "గాంధీగారు అంతా ఉన్నాడుగా!" అంది. గాంధీగారికి విడిగా రేటు లేదు.

₹20లో 45 మిగిలింది. 41 దాటింది, పూర్తి ₹20.

మొత్తం 500, 250, 500, 0, 20 కలిపితే ₹1,270. బ్యాంకులో చేతికి వచ్చింది కూడా అంతే.

## 5. ఏ బ్రాంచికి వెళ్లాలి, ఎన్ని నోట్లతో

వాణిజ్య బ్యాంకుల బ్రాంచీలన్నీ ఈ సేవ ఇవ్వాలి, పనిదినాలన్నిటిలో. మీకు ఆ బ్యాంకులో ఖాతా లేకపోయినా సరే. స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులకు, పేమెంట్స్ బ్యాంకులకు మాత్రం ఇది ఐచ్ఛికం. అక్కడికి వెళ్లి వాదించకండి. బ్రాంచిలో "మాసిన, చిరిగిన నోట్లు ఇక్కడ మార్చబడును" అన్న అర్థమొచ్చే బోర్డు ఉండాలి. ఏదో ఒక క్యాలెండర్ వెనక ఉంటుంది, వెతకండి.

మాసిన నోట్లయితే రోజుకు 20 నోట్ల దాకా, మొత్తం ₹5,000 మించకుండా, కౌంటర్‌లోనే ఉచితంగా మార్చాలి. అంతకు మించితే బ్యాంకు రసీదు ఇచ్చి తర్వాత జమ చేయవచ్చు, సర్వీస్ ఛార్జీ కూడా తీసుకోవచ్చు. కిరాణా కొట్టువాళ్లు నెల మొత్తం పోగైన మెత్తని పది నోట్ల కట్టలన్నీ ఒకేసారి పట్టుకెళ్లేది ఇందుకే మంచిది కాదు. వారానికి కొన్ని చొప్పున తీసుకెళ్తే ఖర్చు లేదు.

ఛిద్రమైన నోట్లకు లెక్క వేరు:

- 5 నోట్ల దాకా: మామూలు బ్రాంచిలోనే విలువ కట్టి కౌంటర్‌లో ఇవ్వాలి. అక్కడ తేల్చలేకపోతే రసీదు ఇచ్చి, తమకు అనుసంధానమైన కరెన్సీ చెస్ట్ బ్రాంచికి పంపుతారు. డబ్బు ఎప్పుడొస్తుందో ఆ రసీదు మీదే రాయాలి. 30 రోజులు మించకూడదు.
- 5 కంటే ఎక్కువ, విలువ ₹5,000 లోపు: దగ్గరి కరెన్సీ చెస్ట్ బ్రాంచికి నేరుగా వెళ్లవచ్చు, లేదా ఖాతా వివరాలతో ఇన్సూర్డ్ పోస్టులో పంపవచ్చు. అందిన 30 రోజుల్లో ఖాతాలో వేయాలి.
- ₹5,000 దాటితే: కరెన్సీ చెస్ట్ బ్రాంచికే వెళ్లాలి.

కరెన్సీ చెస్ట్ అంటే రిజర్వ్ బ్యాంక్ తరఫున నోట్లు నిల్వ ఉంచే బ్రాంచి. మీ ఊరికి దగ్గర్లో ఏదో మీ బ్రాంచి క్యాషియర్‌ను అడిగితే చెబుతాడు.

బస్టాండ్ల దగ్గర, మార్కెట్ సందుల్లో "చిరిగిన నోట్లు కొనబడును" అని కూర్చునేవాళ్లుంటారు. వాళ్లు కమీషన్‌గా కోసుకునేది నోటు స్థితిని బట్టి కాదు, మీ తొందరను బట్టి. పూర్తి విలువ వచ్చే నోటును, కేవలం జిడ్డుగా ఉందని, నష్టానికి వాళ్ల చేతిలో పెట్టే మనుషుల్ని చాలామందిని చూశాను.

## 6. కౌంటర్ దగ్గర

ఉదయం రద్దీ తగ్గాక, భోజనవేళకు ముందు వెళ్లడం మేలు. నెల మొదటి వారం పింఛన్ల రోజుల్లో ఈ పని పెట్టుకోకండి.

క్యాషియర్ ముందు కవరు పెట్టి "నోట్లు చిరిగాయి, మార్చాలి" అంటే సగం సందర్భాల్లో "ఇక్కడ తీసుకోమండి" అన్న మాట వినిపిస్తుంది. దానికి కారణం ఎప్పుడూ మొండితనమే కాదు. ఛిద్రమైన నోటుకు విలువ కట్టే అధికారం క్యాషియర్‌కు ఉండదు. అది బ్రాంచి మేనేజర్‌ది, లేదా అకౌంట్స్, క్యాష్ విభాగం చూసే అధికారిది. అందుకే మాట ఇలా కలపండి: "మాసిన నోట్లు కావండి, కొంత పోయినవి. విలువ కట్టే ఆఫీసర్‌గారు ఎవరు? వారికి చూపిస్తాను." విషయం తెలిసిన మనిషి వచ్చాడని అర్థమై పని ముందుకు కదులుతుంది.

అధికారి ఒక్కో నోటును చూసి, కొలిచి, దాని మీద డబ్బు ఇవ్వాలనో, తిరస్కరించాలనో స్టాంపు వేసి సంతకం చేస్తారు. మీరు చూస్తుండగా జరగడం మంచిది. మీ గ్రాఫ్ కాగితం చేతిలో ఉంటే, తేడా వచ్చినప్పుడు గొంతు పెంచాల్సిన పనిలేదు, "నా లెక్కలో 81 వచ్చిందండీ, మరోసారి చూస్తారా?" అంటే చాలు. అంచు కొలతల్లో ఒకటి రెండు గడుల తేడా సహజం. హద్దుకు అంత దగ్గరగా ఉన్న నోటుకు కచ్చితమైన హామీ నేనివ్వలేను.

ఒకసారి స్టాంపు పడ్డ నోటు మళ్లీ ఏ బ్యాంకులోనూ చెల్లదు. చిల్లరలో మీకు అలాంటి స్టాంపున్న నోటు ఎవరైనా అంటగడితే అక్కడికక్కడే వెనక్కి ఇచ్చేయండి.

నోటు దొంగదని తేలితే విలువ లెక్కే ఉండదు. దాని మీద నకిలీ అని ముద్ర వేసి, స్వాధీనం చేసుకుని, మీకు రసీదు ఇస్తారు. వెనక్కి ఇవ్వమని అడగకండి.

## 7. బ్యాంకు తీసుకోని నోట్లు

కాలి నల్లబడినవి, ముట్టుకుంటే పొడి అయ్యేవి, విడదీయలేనంతగా అతుక్కుపోయినవి బ్రాంచీలు తీసుకోవు. అది వాళ్ల ఇష్టాయిష్టం కాదు, తీసుకోవద్దన్నదే నియమం. ఇవి రిజర్వ్ బ్యాంక్ ఇష్యూ ఆఫీసుకు వెళ్లాలి, అక్కడ ప్రత్యేక పద్ధతిలో పరిశీలిస్తారు. తెలుగువాళ్లకు దగ్గరిది హైదరాబాద్‌ సైఫాబాద్‌లో ఉంది.

ఇల్లు కాలినప్పుడు దొరికిన నోట్ల కట్టను ఎలా ఉన్నది అలాగే, వీలైతే అది దొరికిన డబ్బాతో సహా, దూదిలో గట్టిగా అమర్చి తీసుకెళ్లండి. "ఎన్ని ఉన్నాయో చూద్దాం" అని ఇంట్లో కట్ట విప్పితే లెక్కపెట్టడానికి మిగిలేది బూడిదే. అగ్నిమాపక శాఖ, పోలీసులు ఇచ్చిన కాగితాలుంటే నకళ్లు పెట్టుకోండి, నోట్లు ఎలా కాలాయో చెప్పడానికి పనికొస్తాయి.

₹2,000 నోట్లదీ ఇదే దారి. 2023 మే 19న వాటిని చలామణి నుంచి ఉపసంహరించారు, బ్యాంకు బ్రాంచీల్లో మార్పిడి ఆ ఏడాది అక్టోబర్ 7తో ముగిసింది. అత్తగారి ట్రంకుపెట్టెలో ఇప్పుడు ఒకటి బయటపడితే రిజర్వ్ బ్యాంక్ ఇష్యూ ఆఫీసుకే వెళ్లాలి, లేదా పోస్టులో పంపాలి. 2016లో రద్దయిన పాత ₹500, ₹1,000 నోట్లకు మాత్రం ఏ దారీ లేదు, చిరగకపోయినా లేదు.

## 8. ఎక్కడ తేడా కొడుతుంది, ఏం చేయాలి

"మీకు ఇక్కడ ఖాతా లేదు కదా." అవసరం లేదు. మేనేజర్‌ను కలవండి.

"ఖాతాలో వేసుకోండి, క్యాష్ ఇవ్వం." 5 లోపు నోట్లయి, అక్కడే విలువ కట్టగలిగితే కౌంటర్‌లో ఇవ్వాలి. చెస్ట్‌కు పంపుతామంటే మాత్రం ఖాతాలో పడటమే పద్ధతి. రసీదు తీసుకోకుండా నోట్లు వదిలి రాకండి.

ఏటీఎం నుంచి చిరిగిన నోటు వచ్చింది. ఆ ఏటీఎం ఏ బ్యాంకుదో ఆ బ్యాంకు బ్రాంచికే వెళ్లండి. స్లిప్ లేకపోతే డబ్బు తీసినట్లు వచ్చిన ఎస్సెమ్మెస్ చూపించండి. అక్కడే, కెమెరా ముందే, నోటును ఫొటో తీసుకోవడం అలవాటు చేసుకుంటే ఇంకా మంచిది.

తిరస్కరించారు, కానీ మీ కొలత ప్రకారం రావాలి. కారణం రాతపూర్వకంగా అడగండి. ఫొటోలు, గ్రాఫ్ కాగితం జతచేసి బ్యాంకుకు ఫిర్యాదు ఇచ్చి, రసీదు నంబర్ తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టవచ్చు. ఖర్చేమీ లేదు. ఎలా పెట్టాలో తెలియకపోతే 14448కు ఫోన్ చేయండి.

నోట్లు మార్చడానికి నిరాకరించే బ్రాంచీలకు రిజర్వ్ బ్యాంక్ జరిమానా వేసే ఏర్పాటు ఉంది. ఈ సంగతి కౌంటర్‌లో బెదిరింపుగా వాడకండి. మేనేజర్ గదిలో కూర్చుని, కవరు బల్ల మీద పెట్టి, "తీసుకోలేమని రాసి ఇవ్వండి సార్" అని నెమ్మదిగా అడగండి. నేను చూసినంతలో, ఆ కాగితం రాసివ్వడం కంటే నోట్లు కొలవడమే వాళ్లకు తేలికగా తోస్తుంది.